రూ.9,500 ల్యాప్‌టాప్‌లో మిగిలేదెంత? సెకండ్ హ్యాండ్ లాట్‌ల లెక్క

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లను కంపెనీలు వదిలించుకోవడం మొదలుపెట్టాయి. దాంతో సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఒకే ఆకారం, ఒకే బ్రాండ్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లకు ధరలో బాగా తేడా కనిపిస్తోంది. ఇంకోపక్క 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకడంతో, లోపల 16 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్‌కు విలువ పెరిగింది. స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చి, బేరమాడే నోరూ ఉన్నవాళ్లకు ఈ వ్యాపారం మీద కన్ను పడటం సహజమే. అందులో డబ్బు ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ చేతి చమురు వదులుతుంది అన్నది ఒక మోడల్‌ను పట్టుకుని చూద్దాం. ఆ మోడల్ లెనోవో థింక్‌ప్యాడ్ టి480.

లాట్ అంటే ఏమిటి, గ్రేడ్ దేనికి ఇస్తారు

కంపెనీలు ఉద్యోగులకిచ్చే ల్యాప్‌టాప్‌లను చాలావరకు మూడు నాలుగేళ్లకోసారి మారుస్తాయి. పాతవి వందల్లో కలిపి వేలానికి పెడతాయి, లేదా లీజుకిచ్చిన సంస్థకు తిప్పి పంపుతాయి. పెద్ద వ్యాపారి ఆ మొత్తం కొని, పదీ ఇరవై చొప్పున విడగొట్టి అమ్ముతాడు. ఆ మూటే లాట్. డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, థింక్‌ప్యాడ్ ఈ దారిలోనే ఎక్కువగా వస్తాయి. ఇవి విడిభాగాలు మార్చుకునే వీలుతో కట్టినవి, అదే మోడల్ వేలల్లో తిరుగుతుంటుంది కాబట్టి స్పేర్‌లూ దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇలాంటి మోడళ్లకు కీబోర్డు, బ్యాటరీ వెతకడం పెద్ద పని కాదు.

సెకండ్ హ్యాండ్ అంటే ఉన్నది ఉన్నట్టు అమ్మేది. రిఫర్బిష్డ్ అంటే పరీక్షించి, పాడైనవి మార్చి, ఎంతోకొంత వారంటీతో అమ్మేది. ఈ రెండింటి మధ్య ధర తేడాయే చిన్న వ్యాపారి సంపాదన. ఇక ఏ గ్రేడ్, బీ గ్రేడ్ అన్న మాటలు చాలామందిని తికమక పెడతాయి. వ్యాపారుల వాడుకలో గ్రేడ్ ప్రధానంగా పైరూపానికి సంబంధించినది: గీతలు, సొట్టలు, స్క్రీన్ మీద మచ్చలు. లోపలి బ్యాటరీ సగం చచ్చినా, పైన మెరుస్తుంటే ఏ గ్రేడ్ అనే అంటారు. అందరూ పాటించే ఒకే కొలమానం అంటూ లేదు.

ఎనిమిదో జనరేషన్ దగ్గర గీత

విండోస్ 11కు అధికారికంగా కావాల్సినవి నాలుగు గిగాబైట్ల ర్యామ్, 64 జీబీ స్టోరేజి, సెక్యూర్ బూట్, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్. మొదటి నాలుగూ పాత మిషన్లలోనూ ఉండొచ్చు. చాలావాటిని ఆపేసేది చివరిది. ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు పోను, గీత ఎనిమిదో జనరేషన్ దగ్గర పడింది.

జనరేషన్ తెలుసుకోవడానికి ప్రాసెసర్ పేరులో అడ్డగీత తర్వాతి అంకె చూడాలి. i5-7200U ఏడోది, i5-8250U ఎనిమిదోది. 10, 11 అని మొదలైతే పదోది, పదకొండోది. టి470, టి480 పక్కపక్కన పెడితే తేడా కనిపెట్టడం కష్టం, కానీ మామూలుగా మొదటిదానిలో ఏడో తరమో అంతకన్నా పాతదో ఉంటుంది, రెండోదానిలో ఎనిమిదోది. మూత మీద పేరు చూసి కాకుండా, విండోస్ మొదలవక ముందే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రాసెసర్ పేరు చదవాలి.

గీతకు దిగువన ఉన్నవాటిని కొనవచ్చా అన్న దగ్గర వ్యాపారుల్లో రెండు మాటలున్నాయి. తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించవచ్చు, మామూలు వాడకానికి బాగానే నడుస్తుంది కదా అని కొందరంటారు. నడుస్తుంది, నిజమే. కానీ సపోర్ట్ లేని మిషన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఏడాది తర్వాత అప్‌డేట్ ఆగితే కొన్నవాడు వచ్చి నిలబడేది అమ్మినవాడి ముందే. విండోస్ 10కే ఇంటి వినియోగదారులు అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకునే పథకం ఉంది గానీ, అది 2026 అక్టోబర్ 13 వరకే. లినక్స్ మింట్ ఎక్కించి, ఆ సంగతి చెప్పి అమ్మడం మూడో దారి. కొనేవాళ్లు తక్కువ, గొడవలూ తక్కువే. మా అంచనాలో ఏడో తరం మిషన్‌ను నడిచే ల్యాప్‌టాప్ ధరకు కొనడం దండగ. అందులోని డీడీఆర్4 ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, స్క్రీన్ విడివిడిగా ఎంత పలుకుతాయో ఆ ధరకు వస్తేనే కొనాలి.

ఏ స్క్రూడ్రైవరూ తెరవలేని తాళాలు

రిపేరు బాగా వచ్చినవాళ్లే ఎక్కువగా దెబ్బతినే చోటిది. విరిగిన హింజ్ కంటికి కనిపిస్తుంది. తాళం వేసిన ల్యాప్‌టాప్ మాత్రం అంగట్లో చక్కగా ఆన్ అవుతుంది, వీడియో ఆడుతుంది.

మొదటి తాళం బయోస్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కితే (థింక్‌ప్యాడ్‌లో) బయోస్ తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగిందంటే కొనేవాడికి బూట్ వరుస, సెక్యూర్ బూట్ లాంటివి మార్చే వీలుండదు. బోర్డు మీది బ్యాటరీ తీస్తే పోతుందనుకోవడం పొరపాటు. థింక్‌ప్యాడ్‌లో ఆ పాస్‌వర్డ్ కరెంటు లేకపోయినా చెరగని చిప్‌లో ఉంటుంది. చిప్ ప్రోగ్రామర్‌తో తీస్తామనేవాళ్లున్నారు. ఆ పనిలో బయోస్ చెడితే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

రెండో తాళం మరీ మోసపూరితమైనది: విండోస్ ఆటోపైలట్. పెద్ద కంపెనీల ఐటీ విభాగాలు తమ ల్యాప్‌టాప్‌ల హార్డ్‌వేర్ గుర్తును మైక్రోసాఫ్ట్ దగ్గర తమ పేరిట నమోదు చేస్తాయి. ఆ తర్వాత ఎవరు విండోస్ ప్రో కొత్తగా ఎక్కించి ఇంటర్నెట్‌కు కలిపినా, ఆ కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీసు ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ మార్చినా పోదు, ఎందుకంటే నమోదైంది డిస్క్ మాత్రమే కాదు, బోర్డుతో ముడిపడ్డ గుర్తు. ఆ జాబితా నుంచి తీయగలిగేది నమోదు చేసిన కంపెనీయే. అమ్మేటప్పుడు మర్చిపోవడం మామూలే.

లాట్ వ్యాపారి అంగడిలో ఇది ఎందుకు కనిపించదంటే, అక్కడ ఇంటర్నెట్ లేకుండా విండోస్ ఎక్కిస్తారు, లేదా సిద్ధంగా ఉన్న కాపీని డిస్క్ మీదకు దించుతారు. కొందరు ఆటోపైలట్ వర్తించని హోమ్ ఎడిషన్ ఎక్కించి గండం గట్టెక్కిస్తారు. మీరు అమ్మిన ఆరు నెలలకు కొన్నవాడు రీసెట్ నొక్కుతాడు, వైఫై కలుపుతాడు, ఎక్కడో ఉన్న బ్యాంకు పేరు తెర మీద వెలుగుతుంది. అప్పుడది దొంగ సొత్తు అనుకోకుండా ఉంటాడా?

పరీక్ష ఒక్కటే. విండోస్ 11 పెన్‌డ్రైవ్ నుంచి ప్రో ఎడిషన్ కొత్తగా ఎక్కించి, సెటప్ మొదట్లోనే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపాలి. కంపెనీ పేరు రాకుండా, ఇది సొంతానికా ఆఫీసుకా అని అడిగితే తాళం లేనట్టే. ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్‌కు మొత్తం ఇరవై నిమిషాలు చాలు. పది మిషన్లకు వరుసగా పెట్టుకుంటూ పోతే ఒక పూట పని.

ఈ పరీక్షలోనే ఇంకో లాభముంది. కంపెనీ ల్యాప్‌టాప్‌లలో అసలు విండోస్ కీ చాలావరకు బయోస్‌లోనే ఉంటుంది. దాన్ని పవర్‌షెల్‌లో ఇలా చూడవచ్చు:

```
(Get-CimInstance SoftwareLicensingService).OA3xOriginalProductKey
```

కీ కనిపిస్తే, అదే ఎడిషన్ ఎక్కించినప్పుడు విండోస్ దానంతటదే యాక్టివేట్ అవుతుంది. మూడొందలకు దొరికే కీల జోలికి పోనక్కర్లేదు. అవి చాలాసార్లు వేరే సంస్థల వాల్యూమ్ లైసెన్సుల నుంచి బయటికొచ్చినవి, ఎప్పుడు రద్దవుతాయో తెలియదు.

రిపేరుకు లొంగేవి, లొంగనట్టు కనిపించేవి

టి480కి రెండు బ్యాటరీలు. లోపల 24 వాట్ అవర్‌లది ఒకటి, వెనకాల రెండు గొళ్లేలు జరిపితే ఊడొచ్చేది ఇంకొకటి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క వరుస రాస్తే రెండింటి జాతకమూ ఒక ఫైల్‌గా వస్తుంది:

```
powercfg /batteryreport
```

అందులో DESIGN CAPACITY అంటే కొత్తగా ఉన్నప్పటి సామర్థ్యం, FULL CHARGE CAPACITY అంటే ఇప్పటిది. లోపలి బ్యాటరీ 24,000కు 15,000 చూపిస్తే 62 శాతం మిగిలినట్టు, అలాగే వదిలేయవచ్చు. వెనకది 24,000కు 9,000 చూపిస్తే 37 శాతమే, మార్చాలి. ఏడేళ్ల మిషన్‌లో రెండు అంకెలూ సరిగ్గా ఒకటే ఉండి, సైకిల్ కౌంట్ సున్నా ఉంటే సంబరపడొద్దు. కొత్త డూప్లికేట్ బ్యాటరీ వేసి ఉండొచ్చు, లేదా లోపలి లెక్కల చిప్‌ను రీసెట్ చేసి ఉండొచ్చు. ఛార్జర్ తీసి ఇరవై నిమిషాలు వీడియో ఆడించాలి. మంచి బ్యాటరీ మెట్టుమెట్టుగా దిగుతుంది. చెడ్డది తొంభై దగ్గర కాసేపు నిలబడి ఒక్కసారిగా యాభైకి పడుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచి క్లిక్ గట్టిపడితే లోపలి బ్యాటరీ ఉబ్బినట్టు. దాన్ని గుచ్చడం, వంచడం చేస్తే మంటలు అంటుకోవచ్చు. మిషన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, విడిగా ఉంచి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణదారుకు ఇవ్వాలి.

టి480కి ఛార్జింగ్ యూఎస్‌బీ-సీ ద్వారానే. 2017-19 మధ్య థింక్‌ప్యాడ్‌లలో, థండర్‌బోల్ట్ అనే వేగమైన యూఎస్‌బీ-సీ పోర్టును నడిపే ఫర్మ్‌వేర్‌లో, అంటే చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్‌లో, లోపం ఒకటుండేది. దానివల్ల కాలక్రమంలో ఆ పోర్టు పనిచేయడం మానేస్తుంది, కొన్నిట్లో ఛార్జింగూ ఆగిపోతుంది. లెనోవో సరిచేసిన ఫర్మ్‌వేర్ ఇచ్చింది. పోర్టు పనిచేస్తున్న మిషన్‌కు చేతికి రాగానే ఆ అప్‌డేట్ వేయడం మొదటి పని. అప్పటికే చచ్చిందంటే బోర్డు మీది చిన్న చిప్‌ను తిరిగి రాయాలి, సోల్డరింగ్ తెలిసినవాళ్లకు అది అసాధ్యమేమీ కాదు. కాబట్టి ఛార్జ్ ఎక్కని టి480ని డెడ్ బోర్డు ధరకు కొని బతికించేవాళ్లున్నారు. కొనే ముందు ఛార్జర్‌కూ మిషన్‌కూ మధ్య యూఎస్‌బీ-సీ మీటర్ పెట్టి చూస్తారు. 20 వోల్టులకు ఎక్కితే ఛార్జర్, పోర్టు మాట్లాడుకుంటున్నట్టు, లోపం మరెక్కడో ఉన్నట్టు. 5 వోల్టుల దగ్గరే ఆగితే పోర్టుదో దాని కంట్రోలర్‌దో తప్పు.

కీబోర్డులో ఒక్క మీట చెడితే అరుగుదల అనుకోవచ్చు. వరసగా మూడు నాలుగు పనిచేయకపోతే ఏ కాఫీయో ఒలికి ఉంటుంది. వెనక మూత తీసి కనెక్టర్ల చుట్టూ ఆకుపచ్చ, తెల్ల పొడి ఉందేమో చూడాలి. ఉంటే కీబోర్డు మార్చి చేతులు దులుపుకోవడం కుదరదు. తుప్పు నెలల తరబడి పాకుతూ ఉంటుంది, అమ్మాక తిరిగొస్తుంది. అలాంటిది స్పేర్‌ల కోసమే.

పది మిషన్ల లెక్క

కింది ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి. ఊరిని బట్టి, వారాన్ని బట్టి మారతాయి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో పది టి480లు ఒక్కొక్కటి రూ.9,500 చొప్పున కొన్నారనుకుందాం. 95,000 అయింది. రవాణాకు 2,000. ఒక్కోదానికి వెనక బ్యాటరీ, థర్మల్ పేస్టు, అవసరమైన చోట కీబోర్డు, శుభ్రం కలిపి సగటున 2,000 పడుతుంది. అమ్మకం ధర 15,000.

పదిలో ఒకటి ఆటోపైలట్ తాళంతో వచ్చింది. దాన్ని రిపేరు చేయకుండా భాగాలుగా అమ్మితే 4,000 వచ్చింది. మిగతా తొమ్మిదికి 1,35,000. మొత్తం రాబడి 1,39,000. ఖర్చు: కొన్నది 95,000, తొమ్మిదింటి రిపేరు 18,000, రవాణా 2,000, వెరసి 1,15,000. చేతిలో 24,000. మూడు నెలల వారంటీలో ఒకటి స్క్రీన్ పోయి తిరిగొచ్చింది, 3,500 పోయింది. మిగిలింది 20,500. పరీక్ష, రిపేరు, ఫొటోలు, కొనేవాళ్లతో మాటలు కలిపి మిషన్‌కు నాలుగు గంటలంటే, గంటకు ఐదొందల పైచిలుకు.

ఇప్పుడు తాళం వేసినవి ఒకటికి బదులు రెండు వచ్చాయనుకోండి. అమ్మేవి ఎనిమిది. రాబడి 1,28,000, ఖర్చు 1,13,000, వారంటీ దెబ్బ పోను మిగిలేది 11,500. అంటే ఒక్క చెడ్డ మిషన్ 9,000 తినేసింది. పది మీద పంచితే మిషన్‌కు 900. ఐదొందలు తగ్గించమని గంటసేపు బేరమాడి గెలిచినా వచ్చేది 5,000. ఒక్క తాళం దాన్ని మింగి ఇంకా నాలుగు వేలు అడుగుతుంది.

అందుకే బేరం దేనిమీద ఆడాలి

లెక్క చెబుతున్నదేమిటంటే, ధర ఐదొందలు ఎక్కువైనా సరే, వారం రోజుల టెస్టింగ్ వారంటీ ఇచ్చే లాటే చవక. టెస్టింగ్ వారంటీ అంటే ఆ గడువులో తాళం గానీ, చెప్పని బోర్డు లోపం గానీ బయటపడితే మిషన్ వెనక్కి తీసుకుని డబ్బో, మరో మిషనో ఇవ్వడం. అడగాల్సిన మాట సూటిగా ఉండాలి: "అన్నా, ఆటోపైలట్, బయోస్ లాక్ వస్తే వారంలో రిటర్న్. బిల్లు మీద సీరియల్ నంబర్లు వేయండి."

అమ్మేవాడి వైపు నుంచి చూస్తే అతని భయమూ సబబైనదే. తీసుకెళ్లినవాడు 16 జీబీ ర్యామ్ పీకి 4 జీబీది పెట్టి, ఇది పాడైందని తిప్పి ఇచ్చిన సందర్భాలు ఈ వ్యాపారంలో కొత్త కాదు. అందుకే ఉన్నది ఉన్నట్టే, రిటర్న్ లేదు, ధర అందుకే తక్కువ అంటాడు. దీనికి మధ్యేమార్గం అక్కడే దొరుకుతుంది. ఇద్దరి ముందూ మిషన్ ఆన్ చేసి, సీరియల్ నంబరు, ర్యామ్, ప్రాసెసర్ కనిపించే బయోస్ తెరను ఫొటో తీసుకోవాలి, వెనక మూత స్క్రూ మీద అతని స్టిక్కర్ వేయించాలి. ఆటోపైలట్ పరీక్షకు మూత తీయనక్కర్లేదు కాబట్టి స్టిక్కర్ చెక్కుచెదరకుండా వెనక్కి రావచ్చు. ఇంత చెప్పినా ససేమిరా అంటే, లెక్కలో ఒకటి కాదు రెండు చెడ్డవి వేసుకుని ధర చెప్పాలి. మన ఉదాహరణలో అది మిషన్‌కు 9,500కు బదులు 8,600.

సీరియల్ నంబర్లతో బిల్లు ఎందుకంటే, దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317 కింద నేరం. కాగితం లేకుండా, విడిగా, మరీ చవకగా వచ్చే మ్యాక్‌బుక్‌ల దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

జీఎస్టీ: మార్జిన్ మీదా, మొత్తం మీదా

వస్తువులు మాత్రమే, సొంత రాష్ట్రంలోనే అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. రాష్ట్రం దాటి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. 15,000 చొప్పున నెలకు పన్నెండు అమ్మితే ఏడాదికి 21.6 లక్షలు. లాభం మూడు నాలుగు లక్షలే అయినా హైదరాబాద్‌లో హద్దు దాటినట్టే. లెక్కలోకి వచ్చేది లాభం కాదు, టర్నోవర్.

వాడిన వస్తువులు అమ్మే, రిజిస్టరైన వ్యాపారికి సీజీఎస్టీ నియమం 32(5) కింద మార్జిన్ పద్ధతి ఉంది. పన్ను అమ్మిన ధరకూ కొన్న ధరకూ ఉన్న తేడా మీద మాత్రమే. 9,500కు కొని 15,000కు అమ్మితే తేడా 5,500. పన్ను అందులోనే కలిసి ఉందనుకుంటే 18 శాతం లెక్కన 839 రూపాయలు. రెండు షరతులున్నాయి: కొన్నప్పటి పన్నుకు క్రెడిట్ తీసుకోకూడదు, అంటే దాన్ని కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోకూడదు; వస్తువు స్వభావం మారకుండా చిన్నపాటి మరమ్మతులే చేసి ఉండాలి. బ్యాటరీ మార్చడం అందులోకి వస్తుందనడంలో పెద్దగా వివాదం లేదు. రెండు మిషన్ల భాగాలతో మూడోది కట్టి అమ్మితే మాత్రం ప్రశ్న వస్తుంది.

మార్జిన్ పద్ధతి ఎప్పుడూ లాభమే అనుకుంటారు గానీ, అలా లేదు. లాట్‌ను పూర్తి జీఎస్టీ బిల్లుతో కొంటే ఆ 9,500లో 1,449 పన్ను. 15,000 అమ్మకంలో 2,288. క్రెడిట్ పోను కట్టేది అదే 839. పైగా మామూలు పద్ధతిలో 2,000 స్పేర్‌ల మీద కట్టిన పన్నుకూ, బిల్లుంటే, సుమారు 305 క్రెడిట్ వస్తుంది. మార్జిన్ పద్ధతిలో స్పేర్‌ల ఖర్చును తేడా నుంచి తీసేసుకోవడానికి వీల్లేదు. కాబట్టి బిల్లుతో లాట్ కొనేవాడికి మామూలు పద్ధతే నయం. ఇంటింటికీ తిరిగి, రిజిస్ట్రేషన్ లేని మనుషుల దగ్గర ఒకటీ అరా కొనేవాడికి క్రెడిట్ అంటూ ఉండదు. అతను మామూలు పద్ధతిలో వెళ్తే మిషన్‌కు 2,288 కట్టి, మిగిలిన లాభంలో చాలావరకు అక్కడే వదిలేస్తాడు. అలాంటి మిషన్ల కొనుగోలు రసీదులు, అమ్మినవారి సంతకం, సీరియల్ నంబరు విడి పుస్తకంలో రాసుకుంటేనే 5,500 తేడాను ఆధారంతో చూపగలుగుతాడు.